మూడు పేర్ల ఈమెయిలు: ప్రతి పేరు కిందా దాని లోపం రాయండి

వ్యాపారాలకి పేర్లు కట్టి ఇచ్చే ఫ్రీలాన్సర్లు క్లయింటుకి పంపే ఈమెయిలు చాలావరకు పెళ్ళిళ్ళ పేరయ్య మాటల్లా ఉంటుంది. పంపిన ప్రతి పేరూ బంగారమే. ఒక్కోదాని కింద సంస్కృత నిఘంటువులోంచి తీసిన అర్థం, ఆ పైన "వినసొంపుగా ఉంటుంది, ఆధునికంగా ఉంటుంది" అని రెండు ముక్కలు. వంక సంగతి మాత్రం బోర్డు రాయించి, సీసాల మీద లేబుళ్ళు అంటించాక బయటపడుతుంది. అందుకే నా పట్టు ఇది: పేరు కింద దాని లోపం రాయలేదంటే ఆ ఈమెయిలు అమ్మకం కాగితమే, సలహా కాదు. మూడు పేర్లు పంపితే మూడిటికీ లోపాలు రాయాలి, ఆ పైన వీటిలో నా ఓటు దేనికో కూడా చెప్పాలి.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో చూడటానికి ఒక క్లయింటుని ఊహించుకుందాం. హైదరాబాదులో నాగోలు వైపు రెండు కర్ర గానుగలు పెట్టుకుని నూనె ఆడించి అమ్మే భార్యాభర్తలు. గానుగలు తమిళనాడు నుంచి తెప్పించినవి, తిప్పేది మోటారు. పల్లి, నువ్వు, కుసుమ, కొబ్బరి నూనెలు అరలీటరు, లీటరు సీసాల్లోనూ ఐదు లీటర్ల డబ్బాల్లోనూ అమ్ముతారు. దీపారాధన నూనె విడిగా ఉంటుంది, తలకి రాసుకునే కొబ్బరి నూనె చిన్న సీసాల్లో ఉంటుంది. దుకాణం బోర్డు మీద "స్వచ్ఛమైన గానుగ నూనె" అని తప్ప వేరే పేరు లేదు. కొనేవాళ్ళ ఫోన్లలో వీళ్ళ నంబరు "గానుగ నూనె నాగోల్" అని సేవ్ అయి ఉంటుంది. ఇక పేరు కావాలి. కింద వచ్చే మూడు పేర్లూ ఈ వ్యాసం కోసం తీసుకున్న నమూనాలు మాత్రమే. ఎవరైనా నిజంగా వాడుకోదలిస్తే వెతుకులాట మొదటి నుంచి చేసుకోవాలి.

ఈమెయిలు పై వరుస, అంటే సబ్జెక్టు, "పేర్ల ఎంపిక" అని ఉండకూడదు. "మూడు పేర్లు, నా సిఫారసు దిరిసెన, గురువారంలోగా మీ మాట కావాలి" అని ఉండాలి. దుకాణంలో నిలబడి ఫోన్లో చదివే మనిషికి ఆ ఒక్క వరుసలోనే తాను చేయాల్సిన పని తెలిసిపోవాలి. తర్వాత మొదటి పేరాలో పేర్లు రానివ్వకుండా, మొదటి సమావేశంలో ఒప్పుకున్న మాటలు గుర్తు చేయాలి. ఇలా:

"నమస్తే సార్, నమస్తే మేడమ్. పోయినసారి మనం మూడు విషయాలు అనుకున్నాం. ఒకటి, పేరు వంటనూనెకే కాదు, దీపం నూనెకీ తలనూనెకీ కూడా నప్పాలి. రెండు, తెలుగు రానివాళ్ళు కూడా ఒక్కసారి వింటే పలకగలగాలి. మూడు, పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు దొరికే అవకాశం ఉండాలి. కింద ఉన్న మూడు పేర్లనీ ఈ మూడిటితోనే తూచాను."

ఈ పేరా లేకపోతే క్లయింటు పేరుని దేనితోనూ తూచడు, బాగుందా బాగాలేదా అని మాత్రమే చూస్తాడు. అది పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఒప్పుకున్న షరతులు కళ్ళ ముందు ఉంటే "నాకెందుకో నచ్చలేదు" అన్న మాట కూడా "రెండో షరతుకి సరిపోవడం లేదు" అన్న రూపంలోకి వస్తుంది. అప్పుడు దాని మీద పని చేయడానికి వీలుంటుంది.

"ఉన్న బోర్డు మీద గానుగ అని ఉంది కదా, అదే పేరు చేసేస్తే పోదా" అని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. జవాబు ఈమెయిల్లోనే ముందుగా పెట్టేయడం మంచిది. సరుకు ఏమిటో, ఎలాంటిదో, ఏ ఊరిదో చెప్పే మాటని ఒక్కరి సొంతం చేయడానికి 1999 ట్రేడ్ మార్క్స్ చట్టంలోని 9వ సెక్షన్ మామూలుగా ఒప్పుకోదు. గానుగ అనేది నూనె తీసే ప్రతి ఒక్కరి మాట. ఏళ్ళ తరబడి వాడి, జనం ఆ మాట వినగానే ఈ దుకాణమే గుర్తొచ్చేంతగా పేరు తెచ్చుకుంటే వేరే సంగతి, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఆ దారి లేదు. కాబట్టి గానుగ అన్న మాట పేరు పక్కన వివరణగా ఉంటుంది, పేరులో ఉండదు. జీఎస్టీలో పేరు నమోదు చేయించుకున్నాం కాబట్టి పేరు మాదే అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. జీఎస్టీ నమోదు వేరు, ట్రేడ్‌మార్క్ హక్కు వేరని ఒక్క వాక్యంలో చెబితే చాలు.

ఇక మొదటి పేరు.

"దిరిసెన, Dirisena. మీ గానుగలు వాగై కర్రవని అమ్మినవాళ్ళు చెప్పారన్నారు. తమిళంలో వాగై అనే చెట్టునే తెలుగులో దిరిసెన అంటారు. సంస్కృతంలో శిరీషం. సుకుమారానికి కవులు పోల్చే పువ్వు దీనిదే, నూనె గింజని నలిపే గట్టి కర్రా దీనిదే. పేరులో నూనె లేదు కాబట్టి మూడు రకాల సీసాల మీదా నప్పుతుంది. దీర్ఘాలు లేవు, వత్తులు లేవు. రెండు లీటర్ల దిరిసెన పల్లి నూనె ఇవ్వండి అని పలికి చూడండి."

అక్కడితో ఆగితే పేరయ్య ఈమెయిలే. అసలు పని కింది పేరాలో ఉంది: "లోపం: ఈ మాట నేడు చాలామందికి తెలియదు. మొదటి ఏడాది ప్రతి రెండో మనిషీ అర్థం అడుగుతాడు. సీసా వెనక రెండు వరుసల్లో చెప్పాల్సి వస్తుంది. షరతు: మీ రోలు గానీ రోకలి గానీ నిజంగా ఆ కర్రదేనని చేసినవాళ్ళని అడిగి ఖాయం చేసుకోండి. చింతకర్రదని తేలితే ఈ పేరు వదిలేద్దాం. రేపు రోకలి అరిగి మార్చాల్సి వచ్చినప్పుడు కూడా అదే కర్ర తెప్పించాలి." ఈ షరతు చదివాక క్లయింటు బెదిరిపోతాడేమోనని చాలామంది రాయరు. కానీ పేరుకి కారణంగా చెప్పిన కథ అబద్ధమైతే అడిగే మొదటి కస్టమరు ముందే పరువు పోతుంది.

రెండోది కాడిమాను, Kadimanu. ఎద్దుల మెడ మీద వేసే కాడి. మాట గట్టిగా ఉంటుంది, బొమ్మ వెంటనే కళ్ళ ముందుకొస్తుంది, పల్లెతో సంబంధం ఉన్నవాళ్ళకి అర్థం చెప్పక్కర్లేదు. చదవగానే క్లయింటుకి ఇదే నచ్చే అవకాశం ఉంది. దీని లోపం మాత్రం చిన్నది కాదు. వీళ్ళ గానుగ తిప్పేది మోటారు. కాడి అనగానే వినేవాడి మనసులో ఎద్దు తిరుగుతుంది. దుకాణానికి వచ్చి "ఎద్దులేవి?" అంటాడు. కొనేవాళ్ళని మోసపుచ్చే లేదా తికమక పెట్టే స్వభావం ఉన్న మార్కుని నమోదు చేయకూడదని కూడా అదే 9వ సెక్షన్లో ఉంది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ అభ్యంతరం పెడుతుందో లేదో పక్కన పెట్టినా, ఎద్దు గానుగ అని నమ్మి ఎక్కువ డబ్బు ఇచ్చిన కస్టమరు మళ్ళీ రాడు. మరి ఇంత లోపమున్న పేరుని ఎందుకు పంపాలి? వీళ్ళు వచ్చే ఏడాది ఎద్దు గానుగ పెట్టే ఆలోచన ఉందని చెప్పి ఉంటేనే పంపాలి. ఆ మాట ఈమెయిల్లో ఉండాలి: "ఎద్దు గానుగ ఖాయమైతేనే ఇది, లేకపోతే వద్దు." రెండో లోపం స్పెల్లింగు. కా, మా రెండూ దీర్ఘాలు. ఒకరు Kadimanu అని, ఇంకొకరు Kaadimaanu అని కొడతారు.

మూడోది తాళింపు, Talimpu. ఇది వినగానే నోరూరుతుంది, ఇంట్లో అందరికీ నచ్చుతుంది. నా లెక్కలో మాత్రం మూడో స్థానంలోనే ఉంటుంది. తలకి రాసుకునే నూనె సీసా మీద తాళింపు అని ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దేవుడి దీపం నూనె మీద అయితే ఇంకా ఇబ్బంది. ఈ పేరు తీసుకుంటే మిగతా రెండు సరుకులకి వేరే పేరు కట్టాలి, అంటే ఇంకో ఖర్చు. పైగా తెలుగులోనే దీన్ని తాళింపు అనీ తాలింపు అనీ రెండు రకాలుగా రాస్తారు, ఇంగ్లీషులో Talimpu, Thalimpu, Taalimpu అంటూ అది ఇంకా చీలుతుంది. కర్రీ పాయింటుకైనా, కారప్పొడికైనా, మెస్సుకైనా చటుక్కున తోచే మాట కూడా. అంత సులువుగా తోచే పేరుని కాపాడుకోవడం అంత కష్టం.

మూడూ మూడు దారులవి అని గమనించండి. ఒకటి పరికరం కర్రలోంచి, ఒకటి శ్రమలోంచి, ఒకటి వంటింట్లోంచి వచ్చింది. శుద్ధ, శుభ్ర, స్వచ్ఛ అని మూడు పంపితే క్లయింటు ఎంచుకునేది శబ్దాన్ని మాత్రమే. దారులు వేరైతే తన వ్యాపారం ఏ వైపు వెళ్ళాలో ఎంచుకుంటాడు. పదిహేను పేర్లు పంపేవాళ్ళు దీన్నే పోగొట్టుకుంటారు. పదిహేనులో రెండేసి ముక్కలు తీసుకుని కలిపి పదహారో పేరు తయారుచేయడం ఎవరికైనా సరదాగానే ఉంటుంది, ఆ పదహారోదాన్ని మాత్రం ఎవరూ పరీక్షించి ఉండరు.

వదిలేసిన పేర్ల గురించి కూడా ఈమెయిల్లో నాలుగు వరుసలు ఉండాలి. అవి క్లయింటు తనంతట తాను ఆలోచించి తెచ్చే పేర్లే కాబట్టి. గానుగ నూనెకి ముందుగా తోచేది స్నేహ. సంస్కృతంలో ఈ మాటకి చమురు అనే అర్థం కూడా ఉంది, పేర్లు కట్టేవాళ్ళకి ఇది దొరికితే నిధి దొరికినట్టే. కానీ తెలుగువాడి చెవికి అందులో నూనె వినపడదు, స్నేహమే వినపడుతుంది. పైగా అది ఈ ఊళ్ళో లెక్కలేనన్ని బోర్డుల మీదున్న పేరు. నిఘంటువులో ఉన్న అర్థం కస్టమరు తలలో లేకపోతే ఆ అర్థం పేరుకి పనికిరాదు. తెలిక, గాండ్ల వంటి మాటలు నూనె తీసే వృత్తితో ముడిపడ్డ కులాల పేర్లు, దుకాణం పేరుగా అస్సలు వద్దు.

హైదరాబాదులో ఇంకో చిక్కుంది. ఇక్కడ పేరు రెండు చెవుల్లో పడాలి. డెలివరీ అబ్బాయి, ఆటో అతను, బేగంబజారు సేటు దాన్ని ఉర్దూ, హిందీ చెవితో వింటారు. పిచ్చుక అని ముద్దుగా పెడితే వాళ్ళకి అది "పిచ్‌కా"లా వినిపిస్తుంది, అంటే సొట్ట పడ్డది. నూనె డబ్బాకి అంతకంటే చెడ్డ పేరు ఉండదు. తొలిచుక్క అనే పేరు చూడముచ్చటగానే ఉంటుంది, గానుగలోంచి పడే మొదటి బొట్టు. కానీ తెలంగాణలో చుక్క అంటే మందు. చుక్కా ముక్కా అని మాట్లాడుకునే ఊళ్ళో ఆ పేరుతో దీపారాధన నూనె అమ్మలేం. దిరిసెన హిందీ చెవికి చివర్న "సేనా"లా తగులుతుంది, అందులో చెడ్డదేమీ లేదు. కాడిమానులో "గాడీ" వినిపించవచ్చు. వినే మనిషి తప్పుగా ఏం వింటాడో రాయడం కూడా లోపం రాయడంలో భాగమే.

ఈ పరీక్ష ఇలా చేయాలి. పేరు తెలియని ఐదుగురిని ఎంచుకోండి, కనీసం ఇద్దరు తెలుగు చదవనివాళ్ళు కావాలి. రోడ్డు మీద నిలబడి ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పండి, స్పెల్లింగు చెప్పొద్దు. విన్నది వాట్సాప్‌లో టైపు చేసి పంపమనండి. మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి, నిన్న చెప్పిన పేరేమిటని అడగండి. ఐదుగురిలో నలుగురు ఒకే స్పెల్లింగు పంపితే పేరు నిలిచినట్టు. ముగ్గురు మూడు రకాలుగా పంపితే, ఆ మూడు స్పెల్లింగుల్లోనూ ఇంటర్నెట్ చిరునామాలూ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలూ పట్టుకోవాలి, లేదా పేరు మార్చుకోవాలి. ఐదుగురూ ఏం రాశారో ఉన్నదున్నట్టు ఈమెయిల్లో పెట్టేయండి. "సులువుగా పలకొచ్చు" అన్న వాక్యం కంటే ఆ ఐదు ముక్కలు క్లయింటుకి ఎక్కువ చెబుతాయి.

అచ్చులో ఎలా ఉంటుందన్నది చిన్న విషయమే గానీ మరచిపోతారు. డబ్బా మీద ముద్రలో, అరలీటరు సీసా లేబులులో వత్తులున్న అక్షరాలు కింద నుంచి ఇంకు నిండి ముద్దవుతాయి. మూడు పేర్లకీ వత్తు లేకపోవడం అందుకే. చూపించేటప్పుడు మూడిటినీ ఒకే ఫాంటులో, ఒకే సైజులో, నలుపులో పెట్టాలి. లోగో గీసి పంపితే క్లయింటు లోగోని ఎంచుకుంటాడు.

ట్రేడ్‌మార్క్ వెతుకులాట గురించి ఈమెయిల్లో ఏం రాయాలి, ఏం రాయకూడదు అన్నది అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సిన చోటు. ipindia.gov.in లోని పబ్లిక్ సెర్చ్‌లో, సరుకుని బట్టి విడదీసిన తరగతుల వారీగా వెతకాలి. వంటనూనె 29వ తరగతి, తలనూనె 3వ తరగతి, దీపం నూనె 4వ తరగతి. ఒకే గానుగలోంచి వచ్చిన కొబ్బరి నూనె వంటకైతే ఒక తరగతి, తలకైతే ఇంకో తరగతి. ఒక్కో తరగతిలో రెండు రకాలుగా చూడాలి: అక్షరాలు కలిసే మాటల కోసం Contains, శబ్దం కలిసే మాటల కోసం Phonetic. దిరిసెనకైతే Dirisena తో ఆగకూడదు. Dhirisena, Dirisana, Sirisha కూడా కొట్టాలి. ఎందుకంటే చట్టం చూసేది రెండు పేర్లనీ పక్కపక్కన పెట్టుకుని కాదు, సగం సగం గుర్తున్న మామూలు కొనుగోలుదారు పొరబడతాడా అని. 1962లో సుప్రీంకోర్టు అమృత్‌ధారా, లక్ష్మణ్‌ధారా అనే రెండు మందుల పేర్ల మధ్య తికమకకి వీలుందని చెప్పింది. పేర్ల ముందు సగం అంత తేడాగా ఉన్నా అవి మొత్తంగా చెవికి దగ్గరగా ఉన్నాయని.

ఫలితాల్లో Abandoned అని కనపడగానే ఖాళీ దొరికిందని సంబరపడతారు. అది దరఖాస్తు వదిలేశారని మాత్రమే చెబుతుంది. ఆ పేరుతో సరుకు ఇంకా అమ్ముతూ ఉండవచ్చు. నమోదు లేకపోయినా ముందు నుంచి వాడుతున్నవాడికి కోర్టుకెళ్ళే హక్కు ఉంటుంది. కాబట్టి ఆన్‌లైన్ దుకాణాల్లోనూ మ్యాపుల్లోనూ అదే పేరుని వెతకాలి. ఇదంతా చేశాక కూడా "ఈ పేరు ఖాళీగా ఉంది" అని రాయకూడదు. "ఫలానా తేదీన, ఫలానా మూడు తరగతుల్లో, ఫలానా స్పెల్లింగులతో వెతికాను. దగ్గరగా కనపడినవి ఇవి. ఇది తొలి వడపోత మాత్రమే, దరఖాస్తుకి ముందు ట్రేడ్‌మార్క్ న్యాయవాదికి చూపించండి" అని రాయాలి. తేదీ ఎందుకంటే, మర్నాడు ఇంకొకరు దరఖాస్తు వేసుకోవచ్చు.

ఖర్చు కూడా అక్కడే చెప్పేయాలి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు, అంటే TM-A ఫారం, ఆన్‌లైన్లో వేస్తే వ్యక్తులకీ చిన్న సంస్థలకీ తరగతికి 4,500 రూపాయలు. మూడు తరగతులకి 13,500, న్యాయవాది ఫీజు వేరు. తాళింపు తీసుకుంటే 29 ఒక్కటే చాలు, కానీ 3కీ 4కీ వేరే పేరు కావాలి. ట్రేడ్‌మార్క్ జర్నల్లో ప్రచురించాక నాలుగు నెలలపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. దరఖాస్తు వేయగానే ™ గుర్తు పెట్టుకోవచ్చు గానీ, నమోదు అయ్యేదాకా ® పెట్టడం చట్టానికి విరుద్ధం. లేబుల్ డిజైనర్లు అందంగా ఉందని ® పెట్టేస్తుంటారు కాబట్టి ఈ మాట రాసి ఉంచడం మేలు.

ఈమెయిలు పంపాక చాలావరకు ఏ మాటతో చెడుతుందో ముందే తెలుసు. "పేరు బాగుందండీ, న్యూమరాలజీ ఆయన చివర్న ఇంకో a పెట్టమన్నారు." దీన్ని వెటకారం చేయను. నమ్మకం వాళ్ళది, దుకాణం వాళ్ళది. కానీ Dirisenaa అయిన క్షణంలో ఫోన్ పరీక్ష వృథా, ఇంటర్నెట్ చిరునామా వృథా, వెతుకులాట మళ్ళీ మొదలు. కాబట్టి న్యూమరాలజీ, నామనక్షత్రం చూసుకుంటారా అని మొదటి సమావేశంలోనే అడగాలి. చూసుకుంటామంటే వడపోతకి ముందే పది పన్నెండు పేర్ల స్పెల్లింగులు ఆయనకి చూపించి, ఆయన సరే అన్నవాటినే పరీక్షించాలి. అది చేయనప్పుడు ఈమెయిల్లో ఒక వరుస ఉండాలి: "స్పెల్లింగులో ఒక్క అక్షరం మారినా పరీక్షలు మళ్ళీ చేయాలి, దానికి వేరే రుసుము."

పని చెడగొట్టే రెండోది కుటుంబ వాట్సాప్ గ్రూపు. మూడు పేర్లూ అందులో పెడితే తాళింపు గెలుస్తుంది, ఎందుకంటే అక్కడ ఎవరికీ తలనూనె గుర్తుండదు. ఓటింగు బదులు క్లయింటుని ఇంకో పని చేయమనాలి: మూడు రోజులు, రోజుకో పేరుతో, దుకాణానికొచ్చే ఫోన్లు ఎత్తండి. "హలో, దిరిసెన గానుగ నూనెలు" అని ఇరవైసార్లు అన్నాక నోటికి పట్టిందో లేదో తెలిసిపోతుంది. ఇద్దరూ చేయాలి. కౌంటరు దగ్గర ఎక్కువసేపు ఉండేది మేడమ్ అయితే ఆవిడ మాటే ముందు వినాలి.

ఈమెయిలు చివర్న డబ్బు, హక్కు. "మిగతా బిల్లు చెల్లించాక ఎంచుకున్న పేరు పూర్తిగా మీది. ఎంచుకోని రెండూ నా దగ్గరే ఉంటాయి, వేరేవాళ్ళకి ఇవ్వవచ్చు." ఇది ముందే రాయకపోతే ఆరు నెలల తర్వాత తాళింపు పేరుతో కారప్పొడి మొదలుపెట్టి ఫోన్ చేస్తారు.

"ఇంకో పది పంపండి" అన్న జవాబు వస్తే పది పంపకూడదు. "పై మూడు షరతుల్లో ఏది మారింది?" అని తిరిగి అడగాలి. దీపం నూనె మానేస్తున్నామంటే తాళింపు మూడో స్థానం నుంచి పైకి వస్తుంది. ఎద్దు గానుగకి అడ్వాన్సు ఇచ్చేశామంటే కాడిమాను ముందుకొస్తుంది. వడ్రంగి వచ్చి చూసి రోలూ రోకలీ చింతకర్రవని చెప్పాడంటే దిరిసెన పోయినట్టే, ఆ ఒక్క స్థానానికి ఇంకో పేరు వెతికి, అదే ఐదుగురికి కాకుండా కొత్త ఐదుగురికి ఫోన్ చేయాలి.